రిటర్నులో లాభం 4 లక్షల 80 వేలు, చేతిలో ఉన్నది 42 వేలు: మిగతాది ఎక్కడికి పోయింది?

పైపుల_కొట్టు

సభ్యులందరికీ నమస్కారం. ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మాకు పైపులు, రంగులు, కరెంటు సామాను అమ్మే చిన్న దుకాణం ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో జీఎస్టీ కాకుండా 60 లక్షల రూపాయల అమ్మకాలు జరిగాయి. మా ఆడిటర్ గారు లాభం 4 లక్షల 80 వేలుగా చూపించి ఆదాయపు పన్ను రిటర్ను వేశారు. అయితే 2024 ఏప్రిల్ 1న గల్లాపెట్టెలోనూ బ్యాంకు ఖాతాలోనూ కలిపి రెండున్నర లక్షలు ఉండగా, 2025 మార్చి 31 రాత్రి చూసుకుంటే 42 వేలు మాత్రమే మిగిలాయి. లాభం వచ్చిన ఏడాదిలో డబ్బు పెరగవలసింది పోయి 2 లక్షల 8 వేలు ఎలా తగ్గిందో నాకు బోధపడడం లేదు. దుకాణంలో నాతోపాటు ఒక కుర్రాడు పనిచేస్తాడు. చుట్టాలు అతని వైపు వేలు చూపిస్తున్నారు గాని, ఆధారం లేకుండా అనుమానించడం నాకు ఇష్టం లేదు. లెక్క తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

గల్లాపెట్టె

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదండీ. మీరు మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు అరువు ఇస్తున్నారు. అమ్మిన రోజునే లాభం పుస్తకంలోకి ఎక్కుతుంది, డబ్బు మాత్రం వాళ్ళు ఇచ్చినప్పుడే వస్తుంది. అరువు ఆపేయండి, లాభమూ నగదూ ఒకటే అవుతాయి. నేను కిరాణా దుకాణంలో అరువు లేదని బోర్డు పెట్టాక ఈ బాధ పోయింది.

మణికొండ_వాసి

4 లక్షల 80 వేలకు మీరు కంగారు పడనవసరం లేదు. కొత్త పన్ను విధానంలో ఆ సంవత్సరానికి 7 లక్షల లోపు ఆదాయానికి రిబేటు వర్తిస్తుంది కాబట్టి మీకు పన్ను పడదు.

పైపుల_కొట్టు

మణికొండ_వాసి గారూ, పన్ను గురించి నాకు బెంగ లేదు. ఆ లాభం రూపాయల రూపంలో ఎక్కడ ఉందన్నదే నా ప్రశ్న.

పాత_పద్దు

ముప్పై ఏళ్ళు దుకాణాల పద్దులు రాసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ముందుగా ఒక సంగతి గమనించండి. 60 లక్షలలో సరిగ్గా 8 శాతం 4 లక్షల 80 వేలు. అంటే మీ ఆడిటర్ గారు సెక్షన్ 44ఏడీ కింద రిటర్ను వేసి ఉంటారు. చిన్న వ్యాపారులు పద్దులన్నీ చూపకుండా, అమ్మకాలలో నగదుగా వచ్చినదానిపై 8 శాతం, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభంగా ఒప్పుకొని పన్ను లెక్క ముగించుకోవడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ అంకె మీ దుకాణాన్ని చూసి వేసినది కాదు, అమ్మకాలను చూసి వేసినది. మీకు నిజంగా వచ్చిన లాభం అంతకన్నా ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు, నష్టమైనా కావచ్చు. ఆ రిటర్నులోనే సరుకు నిల్వ, రావలసిన బాకీలు, చెల్లించవలసిన బాకీలు, చేతి నగదు రాసే గడులు కూడా ఉంటాయి. వాటిని చాలామంది ఉజ్జాయింపుగా నింపేస్తారు గాని, మీ ప్రశ్నకు జవాబు ఆ నాలుగు గడులలోనే ఉంది.

కాబట్టి ఏడాది మొదటి రోజున, చివరి రోజున ఆ నాలుగూ ఎంతెంత ఉన్నాయో చెప్పండి. సరుకును అమ్మకపు ధరకు కాకుండా కొన్న ధరకు లెక్కగట్టాలి. వాటితోపాటు ఏడాది ఖర్చులు, అప్పు వాయిదాలు, ఇంటికి తీసుకున్న డబ్బు కూడా రాయండి. ఆ కుర్రాడి సంగతి తరువాత చూద్దాం.

పైపుల_కొట్టు

మూడు రాత్రులు కూర్చుని తీశాను. లక్షలలో రాస్తున్నాను.

సరుకు మొదట 9.00, చివర 11.80. కాంట్రాక్టర్లు, మేస్త్రీలు ఇవ్వవలసినది మొదట 3.20, చివర 5.60. నేను డిస్ట్రిబ్యూటర్లకు ఇవ్వవలసినది మొదట 4.00, చివర 5.20. ఏడాదిలో కొన్న సరుకు 53.80.

ఖర్చులలో అద్దె 1.20, కుర్రాడి జీతం 1.44, కరెంటు, ఆటో కిరాయిలు, హమాలీ వగైరా 0.72. 2024 మార్చిలో దుకాణం కోసం బ్యాంకులో తీసుకున్న 5 లక్షల అప్పు ఉంది. దానికి నెలకు 11 వేల చొప్పున వాయిదా కడుతున్నాను, ఏడాదికి 1.32 అయింది. (ఆ డబ్బు ఏప్రిల్ 1 నాటికే ఖాతాలో పడింది, అందులోంచి పాత బాకీలు తీర్చి సరుకు వేసుకున్నాను. పైన చెప్పిన రెండున్నర లక్షలు అవన్నీ పోగా మిగిలినది.) ఇంటికి నెలకు సుమారు 15 వేలు తీసుకుంటాను.

విజయనగరం_వాణిజ్యం

ఇంకేముంది, 1.32 లక్షల వాయిదాను ఖర్చులో కలపండి, ఇంటి ఖర్చు 1.80 లక్షలు కలపండి, లాభం ఎగిరిపోతుంది. మీకు అసలు లాభమే లేదు, అందుకే డబ్బు లేదు.

పాత_పద్దు

విజయనగరం_వాణిజ్యం గారు తొందరపడ్డారు. వాయిదా మొత్తం ఖర్చు కాదు. బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టిక తీసి చూస్తే ప్రతి నెలా 11 వేలలో కొంత వడ్డీ, మిగిలినది అసలు. 5 లక్షలు, ఐదేళ్ళ గడువు, పదకొండున్నర శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది వడ్డీ సుమారు 54 వేలు, అసలు 78 వేలు అవుతుంది. వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు చెల్లించడం అంటే వెనుక తెచ్చుకున్న డబ్బును తిరిగి ఇవ్వడం. అప్పు తెచ్చిన రోజున మనం 5 లక్షలు లాభమని రాసుకోలేదు కదా, తీర్చిన రోజున నష్టమని ఎలా రాస్తాం? ఇంటికి తీసుకునేది కూడా అంతే. అది యజమాని తన లాభంలోంచి తీసుకున్నదే తప్ప దుకాణం నడవడానికి అయిన ఖర్చు కాదు. కాని ఈ రెండు రకాల చెల్లింపులూ లాభాన్ని ముట్టుకోకుండానే గల్లాను ఖాళీ చేస్తాయి.

ఇప్పుడు మొదట లాభం తేలుద్దాం. ఏడాది మొదట 9 లక్షల సరుకు ఉంది, 53.80 లక్షలకు కొన్నారు, చివర 11.80 మిగిలింది. అంటే అమ్ముడుపోయిన సరుకు కొన్న ధర 51 లక్షలు. అమ్మకాలు 60 కనుక 9 లక్షలు మిగిలింది. అందులోంచి అద్దె, జీతం, చిల్లర ఖర్చులు, వడ్డీ కలిపి 3.90 తీసివేయాలి. ర్యాకులు, కౌంటరు అరిగిపోతున్నందుకు ఒక 10 వేలు తరుగుదల వేసుకుందాం. నికర లాభం 5 లక్షలు. ఆడిటర్ గారి 4.80కి ఇది దగ్గరగా రావడం కేవలం కాకతాళీయం, దాన్ని పట్టుకుని వచ్చే ఏడాది కూడా 8 శాతమే నా లాభం అనుకోకండి.

ఇక డబ్బు దారి. ఇక్కడ అమ్మకం, కొనుగోలు అనే మాటలు మరచిపోయి, చేతిలోకి వచ్చినది, చేతిలోంచి వెళ్ళినది మాత్రమే చూడాలి. అమ్మింది 60 అయినా బాకీలు 3.20 నుంచి 5.60కి పెరిగాయి కనుక మీకు వసూలైనది 57.60. కొన్నది 53.80 అయినా డిస్ట్రిబ్యూటర్ల బాకీ 1.20 పెరిగింది కనుక మీరు కట్టినది 52.60. ఈ రెండింటికీ తేడా 5 లక్షలు. అందులోంచి ఖర్చులకు 3.90 పోయింది. తరుగుదల 10 వేలు ఎవరికీ చేతికి ఇవ్వలేదు కాబట్టి ఈ లెక్కలోకి రాదు. అంటే 5 లక్షల లాభం సంపాదించిన దుకాణం ఏడాది పొడవునా చేతికి ఇచ్చినది 1 లక్షా 10 వేలు. అందులో 78 వేలు బ్యాంకు అసలుకు పోతే ఇంటికి మిగిలినది 32 వేలు. మీరు ఇంటికి తీసుకున్నది 1.80 లక్షలు. ఆ పైన పడిన 1.48 లక్షలు పాత నిల్వలోంచి వచ్చాయి.

జీఎస్టీని కావాలనే పక్కన పెట్టాను, అది కలిపితే అంకెలు కొంచెం కదులుతాయి. కాని అరువు అమ్మకం మీద అదొక అదనపు భారం. కాంట్రాక్టర్ ఆరు నెలలకు డబ్బిచ్చినా, బిల్లు రాసిన నెల లెక్కలోనే మీరు పన్ను కట్టాలి. అంటే వాళ్ళ తరఫున ప్రభుత్వానికి కూడా మీరే పెట్టుబడి పెడుతున్నారు.

గల్లాపెట్టె

అంటే నేను చెప్పిందే నిజమైంది కదండీ, అరువే కారణం.

పాత_పద్దు

సగమే నిజమైంది. బాకీలు పెరిగినందువల్ల 2.40 లక్షలు ఆగిపోయాయి, సరుకు పెరిగినందువల్ల 2.80 లక్షలు ఆగిపోయాయి. అరువు ఒక్క రూపాయి ఇవ్వకపోయినా రెండో భాగం అలాగే ఉండేది. కిరాణాలో సరుకు పది పదిహేను రోజుల్లో తిరుగుతుంది కాబట్టి మీకు అది కనిపించలేదు. వీరి సరుకు చూడండి, 11.80 లక్షల నిల్వ, కొన్న ధర ప్రకారం ఏడాదికి 51 లక్షల సరుకు అమ్మకం అంటే సుమారు 84 రోజులకు సరిపడా సరుకు ర్యాకుల మీద కూర్చుంది. పైగా కాంట్రాక్టర్లతో నడిచే ఊళ్ళో పైపుల దుకాణం అరువు పూర్తిగా ఆపితే అమ్మకం 60 లక్షలు ఉండదు.

అసలు నేను చెప్పాలనుకున్న చిక్కు ఇంకొకటి ఉంది. నా లెక్క ప్రకారం 2.50లోంచి 1.48 పోతే మార్చి 31న 1 లక్షా 2 వేలు ఉండాలి. మీ దగ్గర 42 వేలే ఉన్నాయి. 60 వేలు తేడా. కనిపించని సొమ్ము 2 లక్షల 8 వేలు కాదు, ఈ 60 వేలు మాత్రమే. కుర్రాడి మీద మాట పడకముందే మీ క్యూఆర్ కోడ్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో, ఇంటికి నిజంగా ఎంత వెళ్ళిందో బ్యాంకు స్టేట్‌మెంటులో చూడండి.

అనకాపల్లి_అంగడి

నాది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. 2023లో మా తమ్ముడు మినీ సూపర్ మార్కెట్ పెట్టాడు. మొదటి సరుకు సొంత డబ్బుతో వేశాడు. నెలకు 10 లక్షల అమ్మకం, అంతా నగదు లేదా యూపీఐ, అరువు లేదు. డిస్ట్రిబ్యూటర్లు 21 రోజుల గడువు ఇచ్చేవారు. బ్యాంకులో ఎప్పుడు చూసినా ఐదారు లక్షలు కనిపించేవి. ఆ ధైర్యంతో బండి కూడా కొన్నాడు. కాని అక్కడ మార్జిన్ 9 శాతం, అంటే నెలకు 90 వేలు. అద్దె, నలుగురి జీతాలు, ఫ్రీజర్ల కరెంటు కలిపి 1 లక్షా 15 వేలు. నెలకు 25 వేల నష్టం. బ్యాంకులో కనిపించిన డబ్బంతా డిస్ట్రిబ్యూటర్లది. దగ్గరలో పెద్ద దుకాణం వచ్చి అమ్మకం పడిపోయేసరికి, పాత నెల ఎక్కువ బిల్లులు కొత్త నెల తక్కువ వసూళ్ళతో కట్టవలసి వచ్చి మూడు నెలల్లో చేతులెత్తేశాడు. అందువల్ల పైపుల_కొట్టు గారి పరిస్థితి నాకు నయమనిపిస్తోంది. వారి డబ్బు ఎక్కడో ఉంది, మా తమ్ముడిది లేనే లేదు.

గల్లాపెట్టె

అనకాపల్లి_అంగడి గారి మాట చదివాక నా దుకాణంలో కూడా డిస్ట్రిబ్యూటర్ల బాకీ ఎంత ఉందో ఒకసారి కూడుకున్నాను. గల్లాలో ఉన్నదానికన్నా ఎక్కువే తేలింది. ఇంకేమీ అనను.

రంగుల_డీలర్

నేను కృష్ణా జిల్లాలో రంగుల వ్యాపారం చేస్తాను. పైపుల_కొట్టు గారూ, మార్చిలో స్కీము కోసం సరుకు దింపారా? సంవత్సరాంతానికి టర్నోవర్ స్లాబు దాటితే అదనపు డిస్కౌంటు అని సేల్స్‌మన్ వెంటపడతాడు. 2.80 లక్షల సరుకు పెరగడానికి అదే కారణమై ఉంటుందని నా అనుమానం.

పైపుల_కొట్టు

అవునండీ. మార్చి మూడో వారంలో స్లాబు కోసం 2 లక్షల రంగులు అదనంగా తీసుకున్నాను. ఆ 2 లక్షల మీద 3 శాతం, అంటే 6 వేలు కలిసివస్తుందని లెక్క వేసుకున్నాను.

పాత_పద్దు

ఆ సరుకు అమ్ముడుపోవడానికి నాలుగు నెలలు పడుతుందనుకుందాం. 2 లక్షలు నాలుగు నెలలు ఆగిపోతే, 12 శాతం వడ్డీ చొప్పున 8 వేలు. 6 వేలు సంపాదించడానికి 8 వేలు పోగొట్టుకున్నట్లు. పుస్తకంలో మాత్రం 6 వేలు లాభంగా కనిపిస్తుంది.

రంగుల_డీలర్

గురువు గారి మాట కాదనడం నాకు కష్టమే గాని, ఇక్కడ రెండు పొరపాట్లున్నాయి. సరుకు నాలుగో నెలాఖరున ఒక్కసారిగా అమ్ముడుపోదు, నెలనెలా కొంత పోతుంది. కాబట్టి సగటున ఆగిన డబ్బు సగమే, వడ్డీ 4 వేలే. రెండోది, చాలా స్కీములలో స్లాబు దాటితే వచ్చే డిస్కౌంటు చివరి 2 లక్షల మీద కాదు, ఏడాది మొత్తం కొనుగోళ్ళ మీద. ఆ కంపెనీ సరుకు ఏడాదికి 10 లక్షలు తీసుకుంటే ఒక్క శాతం తేడా కూడా 10 వేలు. పైగా సరఫరాదారు ఇచ్చే నెల రోజుల గడువు ఉంది. స్కీము వదులుకుంటే పక్క దుకాణంవాడు ఆ ధరకు అమ్మి నా గిరాకీ లాక్కుంటాడు.

పాత_పద్దు

వడ్డీ సగమే అన్న మాట ఒప్పుకుంటున్నాను. కాని నెల గడువు ముగిసిన రోజున కట్టవలసినది 2 లక్షలూ ఒకేసారి, అమ్ముడుపోయేది మాత్రం 50 వేల సరుకు. ఆ రోజున గల్లాలో లక్షన్నర లేకపోతే ఇంకొక డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఆలస్యమవుతుంది, అక్కడ మీకు వచ్చే రొక్కపు డిస్కౌంటు పోతుంది. వడ్డీ లెక్కలో ఇది కనిపించదు. అదీగాక స్లాబు డిస్కౌంటు ఎక్కువచోట్ల నగదుగా రాదు, రెండు మూడు నెలల తరువాత క్రెడిట్ నోటుగా వస్తుంది, మళ్ళీ సరుకు కొంటేనే అది వాడకంలోకి వస్తుంది.

రంగుల_డీలర్

క్రెడిట్ నోటు విషయం నిజమే. అయినా నేను స్కీము వదులుకోను. గల్లాలో నెల రోజుల బిల్లులకు సరిపడా డబ్బు ఉన్నవాడు తీసుకోవాలి, లేనివాడు తీసుకోకూడదు అంటే ఒప్పుకుంటాను.

నిజామాబాద్_పద్మ

మా వారి దుకాణంలో లెక్కలు నేనే రాస్తాను. పైన 5 లక్షల లాభం అని తేల్చేశారు గాని, నాకొక సందేహం. 5.60 లక్షల బాకీలలో రానివి ఎన్ని? 11.80 లక్షల సరుకులో అమ్ముడుపోనిది ఎంత? మా దగ్గర రెండేళ్ళనాటి రంగు డబ్బాలు గడ్డకట్టి ఉంటాయి, వాటిని కూడా కొన్న ధరకే ప్రతి ఏడాదీ లెక్కలో రాస్తూ వచ్చేవారు. అలా రాసినంతకాలం అవి లాభంలో భాగంగా కనిపిస్తూనే ఉంటాయి.

పైపుల_కొట్టు

పద్మ గారూ, మీరు సరైన చోట పట్టుకున్నారు. పాత షేడ్ల డబ్బాలు, కంపెనీ మానేసిన మోడల్ స్విచ్చులు కలిపి సుమారు 70 వేల సరుకు కదలకుండా ఉంది. బాకీలలో ఒక కాంట్రాక్టర్‌వి 90 వేలు. అతను ఊరు వదిలి వెళ్ళి ఎనిమిది నెలలైంది, ఫోను ఎత్తితే వచ్చే నెల అంటాడు.

పాత_పద్దు

పద్మ గారు నా లెక్కకు మంచి దిద్దుబాటు చేశారు. సరుకును కొన్న ధరకు, ఇప్పుడు అమ్మితే వచ్చే ధరకు, ఏది తక్కువైతే దానికి రాయాలి. ఆ 70 వేల సరుకుకు ఇప్పుడు 20 వేలు వస్తాయనుకుంటే లాభంలోంచి 50 వేలు తగ్గించాలి. కాంట్రాక్టర్ డబ్బు సగం రాదనుకుంటే ఇంకో 45 వేలు. అప్పుడు మీ లాభం 5 లక్షలు కాదు, 4 లక్షల 5 వేలు. దీనివల్ల గల్లాలో ఒక్క రూపాయి కూడా మారదు, ఎందుకంటే ఆ డబ్బు వెళ్ళిపోయి చాలా కాలమైంది.

విజయనగరం_వాణిజ్యం

కాంట్రాక్టర్ ఇంకా ఇస్తానంటున్నప్పుడు రానిబాకీ అని ఎలా రాస్తారు? అలా రాసుకుంటే అడగడం కూడా మానేస్తాం. నేను పూర్తిగా ఎగ్గొట్టాడని తేలేదాకా కొట్టివేయను.

నిజామాబాద్_పద్మ

పుస్తకంలో తగ్గించి రాసుకోవడం, అతన్ని అడగడం రెండూ వేరు. నేను ఖాతా పుస్తకంలో బాకీదారుల పేర్లను మూడు పేజీలుగా విడగొడతాను. నెలలోపు బాకీలు ఒక పేజీ, మూడు నెలలోపువి ఒక పేజీ, ఆపైవి ఒక పేజీ. మూడో పేజీ మొత్తం పెరుగుతుంటే అమ్మకాలు ఎంత బాగున్నా మా వారికి కొత్త అరువు రాయనివ్వను. ఆ పేజీలో ఉన్నవాళ్ళను అడగడం మాత్రం మానలేదు.

పైపుల_కొట్టు

రెండు వారాల తరువాత రాస్తున్నాను. పాత_పద్దు గారు చెప్పినట్లు స్టేట్‌మెంట్లు తీశాను. రెండో కౌంటరు మీద అతికించిన క్యూఆర్ కోడ్ మా ఆవిడ పొదుపు ఖాతాకు ముడిపడి ఉంది. అక్కడ పడిన దుకాణం డబ్బులోంచి అమ్మాయి హాస్టల్ ఫీజు రెండు విడతలుగా 44 వేలు కట్టారు, గ్యాస్, కరెంటు బిల్లులు కలిపి ఇంకో 8 వేలు. నేను ఇంటికి ఇచ్చే 15 వేలలో ఇవి లేవు. మొత్తం 52 వేలు దొరికింది. ఇంకా 8 వేలు తేలలేదు. ఆ క్యూఆర్ కోడ్ మార్చేశాను. కుర్రాడికి చుట్టాల మాటలు ఎలాగో తెలిశాయి, అతనితో నేనే మాట్లాడాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి నాలుగు అంకెలు రాస్తున్నాను: చేతిలో, బ్యాంకులో ఉన్న డబ్బు, నాకు రావలసినది, నేను ఇవ్వవలసినది, వారంలో ఇంటికి వెళ్ళినది. సరుకును వారం వారం లెక్కపెట్టడం నావల్ల కాదు, మూడు నెలలకొకసారి చేస్తాను. ఒక సందేహం మిగిలింది. కదలని రంగు డబ్బాలను, స్విచ్చులను కొన్న ధరలో సగానికి మేస్త్రీలకు ఇచ్చేస్తే పుస్తకంలో నష్టం కనిపిస్తుంది, గల్లాలోకి 35 వేలు వస్తాయి. ఇచ్చెయ్యమంటారా?

పాత_పద్దు

ఇచ్చెయ్యండి. ఆ నష్టం డబ్బాలు గడ్డకట్టిన నాడే వచ్చింది. కాని సొమ్ము తీసుకునే ఇవ్వండి, మళ్ళీ అరువు మీద ఇవ్వకండి.

రంగుల_డీలర్

మూత తీసి చూసి ఇవ్వండి. నీటి రంగు బాగా గడ్డకట్టి వాసన వస్తుంటే సగం ధరకు ఇచ్చినా గోడ మీద పొరలుగా లేస్తుంది, ఆ మేస్త్రీ తరువాతి గిరాకీ కూడా పోతుంది. ఆయిల్ రంగు అయితే పైన పొర తీసేసి బాగా కలిపితే చాలావరకు పనికి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుంటాడేమో కూడా ఒకసారి అడగండి. తయారై ఎక్కువ కాలం కానివాటిని కొందరు మార్చి ఇస్తారు.